గోటి గుంటలు, తేగలాంటి వేలు: నా కీళ్లవాతానికి పేరు దొరికిన తీరు

నా కుడికాలి నాలుగో వేలు 2022 డిసెంబరులో వాచింది. ఆ వాపు సోరియాసిస్ అనే చర్మవ్యాధితో ముడిపడిన సోరియాటిక్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమని నాకు 2023 నవంబరులో తెలిసింది. మధ్యలో గడిచిన పదకొండు నెలల్లో నేను నాలుగు వేర్వేరు జబ్బులకు మందులు వాడాను, లేదా వాడబోయి ఆగాను. అవేవీ నాకు లేవు. జబ్బును పట్టించే గుర్తులు మాత్రం మొదటి రోజు నుంచీ నా ఒంటి మీదే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి చూసినవారు లేకపోవడమే జరిగిన ఆలస్యానికి కారణం.

మాది పలాస దగ్గర ఉద్దానంలోని ఒక ఊరు. నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి, అప్పటికి నా వయస్సు 46. వేలు వాచినప్పుడు దెబ్బ తగిలిందేమో అనుకున్నాను గాని, దెబ్బ తగిలిన జ్ఞాపకం లేదు. వాపు ఒక కణుపు దగ్గర కాక, వేలు మొదలు నుంచి గోరు దాకా ఒకే లావున ఉంది. రంగు కొంచెం ఊదా. పక్కవేళ్ల మధ్య అది ఇరుక్కుపోయి, చెప్పు వేసుకుంటే ఒరుసుకునేది. ఇలాంటి వేలును ఇంగ్లీషు వైద్యగ్రంథాలు సాసేజ్‌తో పోలుస్తాయట. సాసేజ్ అంటే ఏమిటో మా ఊళ్లో ఎవరికీ తెలియదు కాబట్టి, ఉడకబెట్టిన తేగ ముక్కను తలచుకోమంటాను.

మా అమ్మకు మొదట తోచింది బోదకాలు. మా ప్రాంతంలో ఆ భయం పాతది. రాత్రిపూట రక్తం తీసి చేసే పరీక్ష చేయించాము, ఏమీ లేదు. పరీక్షకు ముందే అర్థం కావలసిన విషయం ఒకటుంది: బోదకాలు వాపు పాదం మీద, చీలమండ దగ్గర మొదలై పైకి పాకుతుంది గాని, ఒక్క వేలిని పట్టుకుని పక్కవేళ్లను వదిలేయదు.

తర్వాత మా ఊరి ఆర్.ఎం.పి. చూశారు. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 7.4 వచ్చింది. "ఇది గౌటండి మాస్టారూ, పప్పు మానేయండి" అన్నారు. ఒక ఇంజక్షను చేసి, నొప్పి మాత్రలతో పాటు యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్రలు ఇచ్చారు. నాలుగు నెలలు నేను కందిపప్పు ముట్టలేదు, మాంసం మానేశాను. యూరిక్ యాసిడ్ 5.1కి దిగింది, వేలు మాత్రం తేగలాగే ఉంది. గౌటు అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరి వచ్చే వాతం. అదైతే నొప్పి ఒక రాత్రిలో పుట్టి, మరునాటికి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా పెరిగి, వైద్యం లేకపోయినా వారం రెండు వారాల్లో తగ్గుతుంది. నాకు అలా జరగలేదు. నా వేలు మెల్లగా వాచింది, మెల్లగా నొచ్చింది, అలాగే నెలల తరబడి ఉండిపోయింది. ఈ తేడాను అడిగినవారు లేరు, నాకు చెప్పాలని తోచలేదు. యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారందరికీ గౌటు రాదనీ, సోరియాసిస్ ఉన్నవారిలో అది తరచు కొంత ఎక్కువగానే ఉంటుందనీ తర్వాత తెలిసింది. గౌటును ఖాయం చేసేది కీలులోని నీటిని తీసి సూక్ష్మదర్శినిలో స్ఫటికాలను చూడటం. రక్తంలోని అంకె ఒక్కటే ఆ పని చేయలేదు.

ఇంజక్షను చేసిన పది పదిహేను రోజులు మాత్రం వాపు బాగా తగ్గింది. అందుకే మరో రెండుసార్లు చేయించుకున్నాను. అది స్టెరాయిడు. మూడోది చేయించుకున్న నెలకు తలలో చుండ్రు విపరీతంగా పెరిగి, దువ్వెన పెడితే పొలుసులు భుజాల మీద రాలేవి. రెండింటికీ సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు. తల నూనె మార్చాను.

2023 వేసవిలో కుడిచేతి చూపుడువేలు మొదలైంది. ఈసారి గోటికి పక్కనే ఉన్న చివరి కణుపు వాచింది. సుద్దముక్క పట్టుకుంటే నొప్పి. బల్ల మీద రాయవలసిందంతా పిల్లలచేత రాయించేవాణ్ణి. అదే వేలి గోరు మీద సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉండేవి. గోటి మధ్యలో, కింద నూనె చుక్క ఇంకినట్టు పసుపు ఎరుపు కలిసిన మచ్చ ఉండేది. గోటి అంచు మాంసం నుంచి ఊడి తెల్లగా కనిపించేది. ఇవన్నీ వేలు వాచడానికి రెండేళ్ల ముందు నుంచీ ఉన్నవే. మాకు కొద్దిపాటి జీడితోట ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పిక్కలు వేరుచేసేటప్పుడు జీడిసొన తగిలి చేతులు మచ్చలు పడటం మాకు మామూలే. గోళ్లు చెడటం కూడా దానివల్లనే అనుకున్నాను. సొన చర్మాన్ని కాల్చి మచ్చ పెడుతుంది, నిజమే, కాని గోటి మీద సూది గుంటలు పెట్టదు. పైగా తోటలో సొన ఎప్పుడూ తాకని కాలిగోళ్లు కూడా పెళుసుబారి ఉన్నాయి. ఇంత చిన్న తర్కం రెండేళ్లు నాకు తట్టలేదు.

ఒక చర్మవైద్యుడు గోళ్లను చూసి ఫంగస్ అన్నారు, మూడు నెలలకు మాత్రలు రాశారు. గోటి ముక్కను తీసి పరీక్ష చేయలేదు. ఫంగస్ కూడా గోటిని మందం చేస్తుంది, ఊడదీస్తుంది, రంగు మారుస్తుంది కాబట్టి పొరబాటుకు అవకాశం ఉంది. సోరియాసిస్ గోటికి ఫంగస్ కూడా తోడవవచ్చు. అయితే లోతైన గుంటలు అనేకం ఉండటం, నూనె చుక్క మచ్చ ఉండటం సోరియాసిస్ వైపు చూపుతాయి. గోటి కింది పొడిని గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ ఉన్నదీ లేనిదీ చాలావరకు తేలిపోతుంది. మాత్రలు కాలేయానికి కొంత భారం కాబట్టి ఆ చిన్న పరీక్ష చేయించకుండా మూడు నెలలు మింగి ఉండవలసింది కాదు.

ఆగస్టులో పట్టణంలోని ఒక ఆసుపత్రిలో కీళ్లవాతం పరీక్ష చేశారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ లేదని వచ్చింది, ఒంట్లో వాపును చూపే సి.ఆర్.పి. కూడా మామూలుగానే ఉంది. "మీకు వాతం లేదు, అరుగుదల" అన్నారు. చికున్‌గున్యా తర్వాత మిగిలిన నొప్పులు కావచ్చని కూడా ఒక మాట అన్నారు గాని, నాకు ఆ మధ్య జ్వరమే రాలేదు. నొప్పి మాత్రలు కొనసాగించమన్నారు. అప్పటికే ఎనిమిది నెలలుగా మూత్రపిండాలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. మా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో చెప్పనవసరం లేదు. అయినా ఆ ఎనిమిది నెలల్లో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూద్దామన్నవారు ఒక్కరూ లేరు, నేనూ అడగలేదు. ఇప్పటికీ నాకు అందరికంటే ఎక్కువ కోపం నామీదే, ఈ ఒక్క విషయంలో.

నవంబరులో మా తోటి ఉపాధ్యాయుడొకరు నెలకొకసారి శ్రీకాకుళం వచ్చే కీళ్లవాతం నిపుణురాలి గురించి చెప్పారు. ఉదయం రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లి, మధ్యాహ్నం రెండు గంటల దాకా వరుసలో కూర్చున్నాను. లోపలికి వెళ్లగానే రిపోర్టుల కట్ట బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని పక్కకు జరిపి, "ముందు చేతులు చూపించండి మాస్టారూ" అన్నారు.

పది గోళ్లనూ ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురులో వాల్చి చూశారు. తర్వాత చెవుల వెనుక, తల వెంట్రుకల అంచున, మోచేతుల మీద టార్చి వేశారు. చొక్కా పైకెత్తి బొడ్డులో చూశారు. పిరుదుల మధ్య గీత దగ్గర కూడా చూడాలని చెప్పి చూశారు. కీళ్లనొప్పికి వచ్చిన నాకు ఇది వింతగా తోచింది. బొడ్డులో రూపాయి బిళ్లకన్నా చిన్న ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లని పొలుసు ఉన్నాయి. నేను ఎప్పుడూ చూసుకోలేదు. తలలోది చుండ్రు కాదన్నారు. వెంట్రుకల అంచు దాటి నుదుటి మీదికి కొద్దిగా వచ్చిన మందమైన పొలుసును వేలితో తడిమి చూపించి, "ఇది సోరియాసిస్. చాలామందికి చర్మం ముందు వస్తుంది, ఏళ్ల తర్వాత కీళ్లు పడతాయి. కొందరికి చర్మం ఇలా దాక్కుని ఉంటుంది, అడిగితే లేదనే చెబుతారు" అన్నారు. మా పెదనాన్నగారికి మోకాళ్ల మీద పొలుసులు ఉండేవని అప్పుడు గుర్తుకువచ్చి చెప్పాను.

తర్వాత చేతి మెటికల వరుసను అడ్డంగా పట్టుకుని నొక్కారు. నాకు నొప్పి లేదు. మణికట్లు కూడా బాగానే ఉన్నాయి. మడమ వెనుక, కండను ఎముకకు కలిపే స్నాయువు అతుక్కునే చోట నొక్కితే మాత్రం కేక వేశాను. ఉదయం మంచం దిగగానే ఆ మడమ పట్టేసేది, అరగంట నడిస్తే వదిలేది. కీలు నొప్పి కానిది కీళ్లవైద్యులకు ఎందుకని నేను ఎవరికీ చెప్పలేదు. నడుము నొప్పి రాత్రి తెల్లవారుజామున లేపుతుందా అని అడిగారు. అది నాకు లేదు. ఉంటే వెన్నెముక కూడా చూడవలసి వచ్చేదట.

రుమటాయిడ్ అనే మరో రకం కీళ్లవాతానికీ దీనికీ తేడా ఏమిటని అడిగాను. ఆవిడ నా వృత్తిని గుర్తుపెట్టుకున్నారు. ఒక కాగితం మీద హాజరుపట్టీలా గళ్లు గీశారు. పైన ఐదు వేళ్ల పేర్లు రాసి, పక్కన కిందికి మెటిక, మధ్య కణుపు, చివరి కణుపు అని రాశారు. "రుమటాయిడ్ అడ్డవరుసలో పోతుంది. మెటికలన్నీ, మధ్య కణుపులన్నీ, రెండు చేతులకూ ఒకేలా. చివరి వరుసను సాధారణంగా వదిలేస్తుంది. మీ జబ్బు నిలువు వరుసలో దిగుతుంది. ఒక వేలిని పట్టుకుంటే పై నుంచి కింది దాకా పడుతుంది, పక్క వేలిని ముట్టదు" అన్నారు. ఇరవై ఏళ్లుగా హాజరుపట్టీ రాస్తున్న నాకు దీనికన్నా తేలికగా అర్థమయ్యే పోలిక ఇంకొకటి ఉండదు.

వేలు మొత్తం అలా వాచడాన్ని డాక్టిలైటిస్ అంటారు. వేలిని ముడిచే స్నాయువుకు ఒక తొడుగు ఉంటుంది. కీళ్లతో పాటు ఆ తొడుగులో కూడా తాపం పుట్టి నీరు చేరుతుంది, చుట్టూ ఉన్న మెత్తని కండ కూడా ఉబ్బుతుంది. అందుకే వాపు కణుపు దగ్గర ఆగదు. అనుమానం మిగలకుండా కాలివేలికి అల్ట్రాసౌండ్ తీయించారు, స్నాయువు తొడుగులో నీరు ఉన్నట్టు అందులో వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. తొలి నెలల్లో కనిపించకపోవడం మామూలేనట. ఆలస్యమైతే ఎముక అరుగుదలతో పాటు పక్కనే కొత్త ఎముక దూదిలా పెరగడం కూడా కనిపిస్తుంది. రుమటాయిడ్‌లో ఎముక తినివేయబడుతుంది గాని ఇలా కొత్తది పెరగదు. వయసు అరుగుదలలో కూడా చివరి కణుపులే లావెక్కుతాయి కాబట్టి దానికీ దీనికీ తికమక రావడం సహజం. అయితే ఆ లావు గట్టిగా ఎముకలా తగులుతుంది, గోటిలో గుంటలు ఉండవు, ఉదయం పట్టివేత కొద్ది నిమిషాల్లో వదులుతుంది. నా చూపుడువేలి కణుపు మెత్తగా ఉబ్బి ఉండేది.

గోటికీ కీలుకూ సంబంధం ఏమిటన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన సంగతి. వేలిని చాచే స్నాయువు చివరి కణుపు దాటి ఎముకకు అతుక్కునే చోట, దాని పోగులు గోటి మూలం దాకా వ్యాపించి ఉంటాయి. మడమ దగ్గర నాకు నొప్పి పుట్టించిన అతుకు ఎలాంటిదో, ఇదీ అలాంటి అతుకే. అక్కడ తాపం పుడితే పక్కనే ఉన్న గోటి మూలం కూడా చెడుతుంది. గోరు తయారయ్యేటప్పుడే అందులోని కొన్ని కణాలు సరిగా గట్టిపడక, గోరు ముందుకు జరిగాక రాలిపోయి, ఆ చోట గుంటలు మిగులుతాయి. అందుకే గోరు చెడ్డ వేలికే చివరి కణుపు వాచడం తరచు కనిపిస్తుంది. గోటి సోరియాసిస్ ఉన్నవారికి కీళ్లు పడే అవకాశం ఎక్కువ అనడానికి కారణం కూడా ఇదే.

ఆ తర్వాత ఆవిడ కాగితం వెనక్కు తిప్పి లెక్క వేశారు. ఈ జబ్బును గుర్తించడానికి 2006లో కాస్పర్ అనే పేరుతో వచ్చిన లెక్క అది. ముందు కీలులో గాని, వెన్నులో గాని, స్నాయువు అతుకులో గాని తాపం ఉండాలి. అది ఉన్నాక మూడు మార్కులు వస్తే చాలు. ఇప్పుడు ఒంటి మీద సోరియాసిస్ ఉంటే 2. అది లేకుండా ఒకప్పుడు ఉన్నా, రక్తసంబంధీకులకు ఉన్నా 1. నాకు బొడ్డులోనే ఉంది కాబట్టి పెదనాన్నగారి మార్కు కలవదు. గోటి మార్పులకు 1. రుమటాయిడ్ ఫ్యాక్టర్ లేనందుకు 1. డాక్టిలైటిస్‌కు 1. ఎక్స్‌రేలో కొత్త ఎముకకు ఉండే 1 నాకు రాలేదు. మొత్తం 5. ఆగస్టులో ఏ రిపోర్టు చూసి నాకు వాతం లేదన్నారో, అదే రిపోర్టు ఇక్కడ వాతానికి ఒక మార్కు వేసింది. ఇది పరిశోధనల కోసం తయారైన లెక్కేననీ, గౌటు, అరుగుదల వంటివి కావని వైద్యులు తేల్చుకోకుండా మార్కులు మాత్రమే కూడితే తప్పు జరుగుతుందనీ కూడా చెప్పారు. సి.ఆర్.పి. మామూలుగా ఉండటం ఈ జబ్బులో అరుదేమీ కాదట.

ఇందులో ఐదు తీరులు ఉన్నాయని 1973లో మాల్, రైట్ అనే ఇద్దరు వైద్యులు విభజించారు: చివరి కణుపులకే ఎక్కువగా పట్టేది, అటూ ఇటూ సరితూగకుండా నాలుగు కీళ్లలోపు పట్టేది, రుమటాయిడ్‌లా రెండు వైపులా అనేక కీళ్లకు పట్టేది, వెన్నెముకది, ఎముకలు కరిగి వేళ్లు కురచబడే అరుదైన తీవ్రరూపం. నాది రెండోదిగా మొదలై మొదటిదాన్ని కలుపుకుంది. ఒకే మనిషిలో ఒక తీరు మరో తీరులోకి మారుతుంటుంది కాబట్టి నేను ఏ గడిలో ఉన్నానన్నది అంత ముఖ్యం కాదన్నారు. మూడో తీరు ఉన్నవారినే రుమటాయిడ్ నుంచి వేరుచేయడం కష్టం. అక్కడ రుమటాయిడ్‌ను పట్టించే యాంటీ సి.సి.పి. అనే రక్తపరీక్ష, చర్మం, గోళ్లు సాయపడతాయి.

మందు మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయం, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే, క్రియాటినిన్ చూశారు. క్రియాటినిన్ 1.2. అంచున ఉందని డైక్లోఫెనాక్ ఆ రోజే ఆపించారు. స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఆపిన తర్వాత సోరియాసిస్ ఎగదన్నుతుందనీ, తలలో పొలుసులు అందుకే పెరిగాయనీ చెప్పారు. నాకిచ్చిన మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజు 10 మిల్లీగ్రాములు, తర్వాత 15. మరొక రోజున ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. మెథోట్రెక్సేట్ శరీరం నుంచి బయటికి పోయేది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే కాబట్టి మా ప్రాంతంవారికి ఆ పరీక్ష తప్పించుకోరాదని గట్టిగా చెప్పారు.

మందుల దుకాణంలో అబ్బాయి కవరు మీద అలవాటుగా రోజుకొకటి అన్నట్టు గీతలు గీసి ఇచ్చాడు. చీటీలో వారం అని స్పష్టంగానే ఉంది. నేను ముందే విని ఉన్నాను కాబట్టి ఆగాను. వారానికి వేసుకోవలసిన ఆ మాత్రను రోజూ మింగితే ఎముకమజ్జ దెబ్బతిని, నోరు పుండ్లు పడి ప్రాణం మీదికి వస్తుంది. ఆ కవరును చించి, మాత్రల పట్టీ మీదే నల్ల స్కెచ్‌పెన్నుతో "ఆదివారం" అని పెద్దక్షరాలతో రాశాను. ఇంట్లో అమ్మకూ, మా ఆవిడకూ చూపించాను.

మొదటి ఆరు వారాలు ఏమీ తేడా లేదు. ఆదివారం రాత్రి వేసుకుంటే సోమవారం ఉదయం వికారంగా ఉండేది. అది ఇప్పటికీ కొంచెం ఉంది. మూడో నెలలో సుద్దముక్క పట్టుకోగలిగాను. మడమ ఆ తర్వాత వదిలింది. కాలివేలు అన్నిటికన్నా మొండిది. అది ఏడో నెలకు గాని పక్కవేళ్ల నుంచి విడివడలేదు, ఇప్పటికీ ఎడమకాలి నాలుగో వేలి పక్కన పెట్టి చూస్తే కొద్దిగా లావే. తగ్గకపోతే బయోలాజిక్ ఇంజక్షన్లు ఉన్నాయన్నారు. వాటికి ముందు ఒంట్లో దాగి ఉన్న క్షయ లేదని తేల్చుకోవాలి. నాకు ఇంతవరకు అవసరం రాలేదు.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి తాపం తగ్గినా గుంటలు వెంటనే పోవు. చూపుడువేలి గోటి మూలం దగ్గర కొత్త గోరు నునుపుగా ఒక సన్నని చంద్రవంకలా కనిపించింది. నెలనెలా దాని హద్దు ముందుకు జరిగేది. తరగతిలో పిల్లలు లెక్క చేసుకుంటుంటే నేను బొటనవేలితో ఆ హద్దును తడుముకునేవాణ్ణి. గుంటలున్న చివరి ముక్కను 2024 జూలైలో ఒక ఆదివారం, మాత్ర వేసుకునే రోజునే, గోరుకత్తెరతో కత్తిరించాను. ఎడమచేతి ఉంగరపువేలి గోరు మీద మాత్రం నాలుగైదు గుంటలు ఇంకా ఉన్నాయి. మూడు నెలలకొకసారి రక్తపరీక్ష రిపోర్టుతో శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా డాక్టరుగారు ఇప్పటికీ ముందుగా ఆ వేలినే పట్టుకుని కిటికీ వైపు తిప్పుతారు.